నా పేరు కొట్టిన చోటు

పని చేసినవాడి పేరు పని మీద ఉండాలని నాకో పట్టుదల. ప్రొద్దుటూరులో లేత్ నేర్చుకున్న రోజుల నుంచీ ఇదే పిచ్చి. సౌదీలోని హాయిల్‌లో ఈ గోధుమ ఫారం వర్క్‌షాపుకు వచ్చేటప్పుడు బట్టలకన్నా ముందు అక్షరాల పంచ్‌ల పెట్టె సంచీలో సర్దుకున్నాను. షాఫ్ట్ తిప్పి, నునుపు చేసి, దాని కొసన గుండ్రటి ముఖం నడిమధ్యలో సుత్తితో రెండు దెబ్బలు వేస్తాను. ఎం, వి. మస్తాన్ వలీ. ఇది ఎవరు చేశారని ఎవరైనా అడిగితే నేను నోరు తెరవాల్సిన పని లేదు. గర్వమంటారా, అనండి. పదమూడేళ్లుగా ఈ ఎండలో ఇనుము కోస్తున్నవాడికి ఆ మాత్రం గర్వం లేకపోతే బతికేదెట్లా?

ఆ సోమవారం మధ్యాహ్నం మాత్రం నా గర్వం సంగతి నాకు గుర్తు లేదు. అంజన్న సంగతే బుర్రలో తిరుగుతోంది.

అంజన్నది జగిత్యాల వైపు. మా వర్క్‌షాపులో ఫిట్టర్. మూడేళ్లుగా ఇంటి మొహం చూడలేదు. ఆ జనవరిలో వెళ్లాల్సినవాడు, కువైట్ యుద్ధం మొదలై విమానాలు ఆగిపోవడంతో ఉండిపోయాడు. యుద్ధం అయిపోయింది, ఫిబ్రవరి పోయింది, కోతలు వచ్చాయి. ఇప్పుడు పాస్‌పోర్టు మీద ఇంటికెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర పడింది. బుధవారం విమానం. రెండు రోజులే. అట్టపెట్టెకు తాడు కట్టి, దాని మీద భార్య పేరు ‘ముత్యవ్వ, జగిత్యాల’ అని రాసి, మళ్లీ ఏదో మరిచినట్టు తాడు విప్పి, మళ్లీ కడుతూ ఉండేవాడు.

శనివారం గోదాం కింద బరువు చేయి విరిగిపడింది.

మా ఫారంలో గోధుమలు నిలవ చేసే ఇనుప గోదాము ఒకటుంది, ఎత్తుగా, పీపాలాగా. దాని అడుగున ఒక తలుపు. తలుపు తెరిస్తే గోధుమలు కిందున్న లారీలోకి పడతాయి. ఆ తలుపు ఇరుసు నుంచి బయటి మెట్ల దాకా రెండు మీటర్ల కడ్డీ వస్తుంది. కడ్డీ బయటి కొసన పొడుగాటి చేయి, ఆ చేతికి బరువు. లోపల గోధుమల బరువు తలుపును ఒకవైపు తిప్పాలని చూస్తుంది, బయట బరువు రెండోవైపు. మధ్యలో ఆ కడ్డీ ఎప్పుడూ మెలి తిరుగుతూనే ఉంటుంది. తెరిచినప్పుడు ఎక్కువ, మూసినప్పుడు తక్కువ. రోజుకు అరవైసార్లు.

అసలు కడ్డీ యాభై మిల్లీమీటర్ల గుండ్రటిది. జనవరిలో అది వంగిపోయింది. సరుకు తెప్పిద్దామంటే ఓడలు రావు, రేవుల్లో మిలిటరీ సామానే దిగుతోంది. మా దగ్గర ఉన్నది యాభైకి ఇరవై అయిదు ఫ్లాట్ బార్, అంటే ఇనుప పట్టీ, ఒక్కటే. ఇంజినీరు కుమార్, తెనాలి కుర్రాడు, కాగితం మీద లెక్క వేసి చాలన్నాడు. నేను కోసి చివర్లు సరిచేశాను. అంజన్న బిగించాడు. బిగించేటప్పుడు హ్యాక్సా రంపం జారి కడ్డీ మూల మీద చిన్న గాటు పడింది. అంజన్న దాచలేదు. ఆ సాయంత్రమే కుమార్‌కు వెళ్లి చెప్పాడు. ఏం కాదులే అన్నాడు కుమార్.

శనివారం కడ్డీ విరిగింది. బరువుతో సహా చేయి కిందికొచ్చి, లారీ పక్కన నిలబడ్డ డ్రైవర్ షాబాజ్ కాలిని నుజ్జు చేసింది. హైదరాబాదు మనిషి, నా దోస్తు. ఆస్పత్రిలో కాలికి రాడ్ వేశారు. కాలు ఉంటుంది, కుంటితనం కూడా ఉంటుందన్నారు.

సోమవారం కుమార్ రిపోర్టు రాశాడు. కడ్డీ సరిగ్గా గాటు పక్కనే విరిగింది కాబట్టి గాటే కారణం, గాటు పెట్టింది అంజన్న. రిపోర్టు మంగళవారం పొద్దున ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, ఆయన నుంచి షుర్తాకు. పోలీసుల చేతిలో కాగితం పడితే బుధవారం విమానం లేదు. ఎన్ని నెలలు లోపల ఉంచుతారో చెప్పేవాడూ ఉండడు.

“నాదే తప్పు, మస్తాన్ భాయ్,” అన్నాడు అంజన్న. వర్క్‌షాపు మూలన సిమెంటు నేల మీద చాప పరిచి కూర్చున్నాడు. “షాబాజన్న కాలు నా చేతుల్లకెల్లే పోయింది. రంపం జారకపోతే ఏమైతుండె?”

“నోర్ముయ్‌రా నాయనా,” అన్నాను. “ఏడ్చి ఏడ్చి నా బుర్ర తింటాండావు. పండుకో.”

పన్నెండు నుంచి మూడు దాకా ఎండకు పని ఆపేస్తారు. ఆ మూడు గంటలూ హాయిల్‌లో లోకం కరిగిపోతుంది. తలుపులోంచి చూస్తే గోధుమ మళ్లు కనిపించేవి, ఒక్కొక్కటి కిలోమీటరు వెడల్పు గుండ్రం, కోసినవి పసుపు, కోయనివి బంగారం. వాటి అంచులు వేడికి పైకి లేచి గాలిలో ఊగేవి. దూరంలో నీళ్లు చిమ్మే పొడుగాటి పైపు నేల మీద కాకుండా ఆకాశంలో నడుస్తున్నట్టు ఉండేది. కళ్లు మూస్తే మడి, తెరిస్తే మడి, ఏది నిజమో తేలేది కాదు.

నా చేతిలో బేరింగుల పెట్టెలో వచ్చిన ఫోమ్ ముక్క ఒకటుంది. తల కింద పెట్టుకుందామని తీశాను. అచ్చం ఆ కడ్డీలాగే పొడుగ్గా, మందానికి రెండింతల వెడల్పుతో ఉంది. నిద్ర మత్తులో జేబులోంచి పెన్ను తీసి దాని మీద గళ్లు గీయడం మొదలుపెట్టాను. ఫిట్టర్లకూ లేత్ వాళ్లకూ ఏది దొరికినా గీతలు గీసే జబ్బు ఉంటుంది. నాలుగు పక్కలా సమాన గళ్లు గీశాను. రెండు చేతులతో పట్టుకుని, బట్టలు పిండినట్టు, మెల్లిగా మెలితిప్పాను.

మెలిపెట్టి చూస్తూ అట్లాగే ఉండిపోయాను. అప్పుడు నేను మేలుకునే ఉన్నానా అంటే ఇప్పటికీ చెప్పలేను.

వెడల్పు ముఖం నడుమ ఉన్న గళ్లు పక్కకు ఒరిగి పోయాయి. ఒక్కో గడి పతంగిలా సాగింది. సన్నటి ముఖం నడుమ గళ్లు కూడా ఒరిగాయి కానీ అంతగా కాదు. మూల దగ్గరి గళ్లు మాత్రం గళ్లలాగే ఉన్నాయి. మూలమట్టం పెట్టి గీసినట్టు, నిటారుగా. లోకమంతా తిరుగుతుంటే ఆ మూల మాత్రం హాయిగా నిద్రపోతోంది.

మళ్లీ వదిలాను, మళ్లీ తిప్పాను. ఈసారి అడ్డంగా గీసిన ఒక గీతను చూశాను. తిప్పకముందు తిన్నగా ఉన్న గీత తిప్పగానే పాములా వంపు తిరిగింది. అంచు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అంచుకు నిటారుగా నిలబడింది. కొసను కాస్త వదిలి వెనక పట్టుకుని తిప్పితే ఆ కొస ముఖం కూడా చదునుగా లేదు. నాలుగు భాగాల్లో ఎదురెదురు మూలల రెండు భాగాలు బయటికి ఉబ్బాయి, మిగతా రెండూ లోపలికి పోయాయి. ఇటు లేస్తే అటు దిగుతూ, బయటి మళ్ల అంచుల్లాగే ఊగుతున్నాయి.

ఏసీ సందుల్లో దూర్చే గుండ్రటి ఫోమ్ కూడా ఒకటి వెతికి గళ్లు గీశాను. అది తిప్పితే చుట్టూ ఎక్కడి గడి అయినా ఒకేలా ఒరిగింది. కొస ముఖం మాత్రం పలకలా చదునుగా ఉన్నచోటనే తిరిగింది. ఉబ్బూ లేదు, లోతూ లేదు.

“అంజన్నా, లేయ్!” అని అరిచాను. “నీ గాటు పెట్టిన మూల అసలు పనే చేయలేదురా!”

ఆ ఎండలోనే ఇద్దరం కుమార్ గది తలుపు బాదాం. లుంగీతో వచ్చాడు. మొహం వాచి ఉంది, మూడు రోజులుగా అతనికీ నిద్ర లేనట్టుంది.

“ఏంటి మస్తాన్ గారూ, ఈ టైంలో?”

“మీ రిపోర్టులో మూల అని రాసినారే, ఎందుకు రాసినారు?”

“యాక్సిస్‌కి అన్నిటికన్నా దూరం కార్నరే కదండీ. దూరం పెరిగేకొద్దీ స్ట్రెస్ పెరుగుతుంది. బేసిక్ ఫార్ములా.”

“అది దేనికి ఫార్ములా?”

“షాఫ్ట్‌కి.”

“గుండ్రటిదానికా, పట్టీకా?”

నేను ఫోమ్ తిప్పి చూపించాను. కుమార్ మొదట నవ్వాడు. తర్వాత నా చేతుల్లోంచి లాక్కుని తనే తిప్పాడు. ఒకసారి, రెండోసారి. మంచం మీద కూర్చుండిపోయి, పెన్ను తీసి గోడ క్యాలెండరు వెనక బొమ్మ వేశాడు.

“కరెక్టే,” అన్నాడు. “బయట ఉన్నది గాలే కదా. గాలి ఇనుము ముఖాన్ని పక్కకి లాగదు. ముఖాన్ని బయటనుంచి లాగేవాడు లేనప్పుడు, లోపల కూడా ఆ ముఖానికి అడ్డంగా పోయే మెలి స్ట్రెస్ ఉండకూడదు. ముఖం వెంబడి పోయేదే ఉంటుంది. మూలలో రెండు ముఖాలు కలుస్తాయి. ఒకదాని వెంబడి పోదామంటే రెండోదానికి అడ్డం. రెండూ కుదరవు. అందుకని సున్నా.” బొమ్మ పక్కన గుండ్రం గీసి, “గుండ్రటిదానికి మూలే లేదు కాబట్టి ఆ గొడవ రాదు. చుట్టూ ఎక్కడైనా ఒకటే, అందుకే దాని సెక్షన్ చదునుగా తిరుగుతుంది. ఫ్లాట్ బార్ అలా తిరగలేదు. ఉబ్బితేనే మూల నిలబడుతుంది. కాలేజీలో చెప్పారండీ. ఒక్క క్లాసు. నేను ఆ రోజు...” అని ఆపేశాడు.

“మరి ఎక్కువ యాడ ఉంటాది?”

“వెడల్పు ముఖం నడుమ. యాక్సిస్‌కి దగ్గరగా ఉన్న చోటే.” పుస్తకం తీసి ఏదో చూశాడు, లెక్క వేశాడు, పెన్ను కింద పెట్టాడు. “నేను జనవరిలో వేసిన దానికి ఒకటిన్నర రెట్లు. గుండ్రటి ఫార్ములాతో చేసేశాను, మస్తాన్ గారూ.”

నాకు జాలి వేయలేదు. నిజం చెప్తున్నా, అప్పుడు మండింది. “అయితే ఆ రిపోర్టు చింపెయ్యండి!”

“చింపేసి ఏం రాయను?” అన్నాడు కుమార్, ఏడుపు గొంతుతో. “ముదీర్‌కి ఫోమ్ చూపిస్తానా? ఆయన కళ్లకి కనిపించేది గాటు. ఒకటిన్నర రెట్లున్నా ఆ ఉక్కు ఇంత తొందరగా పోకూడదు. ముఖం నడుమ ఎక్కడ మొదలైందో, ఎందుకు మొదలైందో ఇనుము మీద చూపించండి. అప్పుడు నా లెక్క తప్పని కూడా నేనే రాస్తాను. లేకపోతే నా మాట ఎవడూ వినడు.”

“సూపిస్తా,” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

విరిగిన రెండు ముక్కలూ వర్క్‌షాపులోనే గోనె కింద ఉన్నాయి. కుమార్ చొక్కా వేసుకుని వస్తానన్నాడు. అంజన్న నా వెనకే వచ్చి మళ్లీ చాప మీద కూర్చున్నాడు. ముక్క నిండా గ్రీజు, గోధుమ దుమ్ము, తుప్పు. డబ్బాలో కిరోసిన్ పోసి, బ్రష్షుతో విరిగిన ముఖం కడిగాను.

గాలికి ఇసుక మీద పడే అలల్లాంటి సన్నటి గీతలు కనిపించాయి. ఇనుము ఒక్కసారిగా విరిగితే అట్లా ఉండదు. రోజూ కొంచెం కొంచెం చీలినప్పుడు, ఒక్కో అల ఒక్కో ఆగుడు. గాటున్న మూల దగ్గర అలలే లేవు. అక్కడ గరుకుగా, మెరుస్తూ, చిట్టచివర తెగిన చోటు. గాటు పాపం చివరి దాకా కాపు కాసింది. నాకు సంతోషంతో ఈల వేయాలనిపించింది. అలల వంపును పట్టుకుని వెనక్కి పోయాను. చిన్నవి, ఇంకా చిన్నవి, గోరంత, బియ్యపు గింజంత. అన్నీ వెడల్పు ముఖం నడుమ ఒక్క చోటికి చేరాయి.

ఆ చోట గ్రీజు మందంగా ఉంది. బ్రష్షుతో రుద్దాను.

ఒక అక్షరం సగానికి విరిగి కనిపించింది. వి. దాని కింది మొన దగ్గరే చీలిక పుట్టింది. ఒక పక్కన ఎం. ఇంకో పక్కన ఆ ఏడాది అంకె, తొంభై ఒకటి.

ఆ కడ్డీ చివర్లు రెండూ సాకెట్లలోకి పోతాయి, పేరు కొడితే కనిపించదు. అందుకని జనవరిలో వెడల్పు ముఖం నడుమ, సరిగ్గా మధ్య గీత కొలిచి, మొన కొత్తగా పదును పెట్టిన పంచ్‌లతో, చేతిలో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. బాగా లోతుగా దిగిందని మురిసిపోయాను కూడా.

నేనే. షాబాజ్ కాలు విరగ్గొట్టింది నేనే.

అక్కడే కూర్చుండిపోయాను. బయట మళ్లు నిశ్శబ్దంగా తేలుతున్నాయి. పైన ఏదో విమానం తెల్లటి గీత గీసుకుంటూ పోతోంది, చప్పుడు రావడం లేదు. అంతా కల అని ఒక నిమిషం గట్టిగా నమ్మాను. లేస్తే ప్రొద్దుటూరు షెడ్డు, మా ఆవిడ రోషన్ బీ అన్నం గిన్నె, యుద్ధం లేదు, గోదాం లేదు, షాబాజ్ రెండు కాళ్ల మీద నడుస్తున్నాడు.

బల్ల మీద ఆకురాయి ఉంది. చేతికి అందేంత దూరం. నాలుగు రుద్దులు రుద్దితే ఎం పోతుంది, పదికి వి పోతుంది. అక్టోబర్‌లో నాకు రావాల్సిన సెలవు ఉంది. పెద్ద పిల్ల ఆరిఫా రాసిన ఉత్తరం జేబులో ఉంది. ఎవరికి తెలుస్తుంది? నిజంగా నా చెయ్యి ఆకురాయి మీదకు పోయింది. దాచి ఏం లాభం, పోయింది. చెక్క పిడి ఎండకు కాలుతోంది.

“భాయ్,” అన్నాడు అంజన్న. చాప మీంచి లేవలేదు. నా వీపు తప్ప అతనికేమీ కనిపించడం లేదు. “దొరికిందా ఏమన్న? దొరకకున్న పర్వలేదు. నా కోసరం ఎండల ఇంత తిప్పలు పడ్తున్నవు, గదే చాలు నాకు.”

ఛీ, నా బతుకు. ఆకురాయి తీసి గది అవతలికి విసిరాను. అది పీపాకు తగిలి ఖంగుమంది. అంజన్న ఉలిక్కిపడ్డాడు.

“దొరికింది,” అన్నాను. “ఇటొచ్చి సూడు. చదువుకో. నా పేరే.”

అంజన్న వచ్చి వంగి చూశాడు. అక్షరాలు వేలితో తడిమాడు. అతనికి అర్థమైన క్షణం నాకు తెలిసింది, ఎందుకంటే వేలు ఆగిపోయింది. సంతోషపడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. గోనె తీసి ముక్క మీద కప్పబోయాడు.

“వద్దు భాయ్. కుమార్ సారు వస్తుండు. నాది గాటు అన్నరు, అయిపాయె. నీకు పిల్లలున్నరు.”

“నీకు లేరా? తీయ్‌రా గోనె!” అని అరిచాను. అరుస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. “నా పేరు మీద గోనె కప్పేది ఎవడు? తీయ్!”

కుమార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

రిపోర్టు ఆ సాయంత్రం తిరగరాశాడు. మొదట కడ్డీ లెక్క తప్పు, అది తనది. తర్వాత ముఖం నడుమ కొట్టిన అక్షరాలు, అవి నావి. గాటుకు సంబంధం లేదు. ముదీర్ ఫోమ్ ముక్కను తిప్పి తిప్పి చూశాడట. షుర్తా వాళ్లు కుమార్‌నూ నన్నూ రెండుసార్లు పిలిచారు. ఆస్పత్రి మంచం మీంచి షాబాజ్ తనకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని సంతకం పెట్టాడు. ఫారం వాళ్లు కుమార్‌ను కింది పోస్టుకు దించారు, నా సెలవును ఏడాదికి ఆపేశారు. బుధవారం తెల్లారకముందే అంజన్న అట్టపెట్టె తాడు ఆఖరిసారి కట్టుకున్నాడు. జీపు ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు.

సెప్టెంబరులో ఓడ మీద గుండ్రటి ఉక్కు వచ్చింది. గోదాం షాఫ్ట్ లేత్ మీద ఎక్కించాను. రెండు రోజులు తిప్పాను. ఇనుము పొట్టు నీలం రంగులో చుట్టలు చుట్టలుగా పడుతుంటే, అందులో ఆ వేసవి మళ్లు కనిపించేవి. పని అయింది. తుడిచాను. పంచ్‌ల పెట్టె ఆ సోమవారం నుంచీ తెరవలేదు, తెరవాలని కూడా లేదు.

గుమ్మంలో కర్ర చప్పుడు. షాబాజ్. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి వర్క్‌షాపు గడప తొక్కాడు. కుంటుతూ వచ్చి షాఫ్ట్ చుట్టూ తిరిగాడు. ఒక కొస చూశాడు, రెండో కొస చూశాడు.

“మస్తాన్ భాయ్, నామ్ ఏదీ?”

“ఇంక కొట్టను షాబాజ్.”

“అరే, ఈ దర్వాజా కింద నిలబడేది నేను. రోజూ నిలబడాలె. ఎవరు చేసిండో తెల్వకుంటే నేను ఎట్ల నిలబడతా?” అన్నాడు. కర్రను లేత్‌కు ఆనించి, తనే పెట్టె మూత తెరిచాడు. “ఏడ కొడితే ఖతరా లేదో ఇప్పుడు నీకే మాలూమ్. ఆడ కొట్టు.”

కొస ముఖం మీద కేంద్రం గుర్తు పెట్టాను. షాఫ్ట్ ఎంత మెలి తిరిగినా, ఏ వత్తిడీ చేరని చోటు అదొక్కటే. షాబాజ్ పంచ్‌ను తన రెండు వేళ్లతో నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు.

“కొట్టు,” అన్నాడు.

అతని వేళ్లకు తగలకుండా, మెల్లిగా కొట్టాను.